మన కాదు, మా

గృహప్రవేశానికి పిలవడం ఒకప్పుడు ఇంతటి పని కాదు. గుమ్మం ముందు నిలబడి, ఫలానా రోజు రండి అని చెప్పి, ఇచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేవారు. ఇప్పుడు దానికి ముప్పావు నిమిషం బొమ్మల వీడియో కావాలి. ఆ ముప్పావు నిమిషం కోసం వారం రోజులు మా ప్రాణాలు తోడెయ్యాలి.

జిరాక్స్ షాపు మేడ మీద రెండు గదుల్లో ఉంటుంది మా స్టూడియో. వీడియోలకు మాటలు రాసేది నేను, బొమ్మలు కదిలించేది ఒకాయన, వచ్చినవాళ్లందరికీ అయిపోతుంది సార్ అని నవ్వేది మా ఓనరు. ఆయన పని అదొక్కటే, అది మాత్రం చాలా శ్రద్ధగా చేస్తాడు.

రాయడానికి నా పద్ధతి నాకుంది. కాగితం మధ్యలో గీత కొడతాను. ఎడమ పక్క కనిపించేది, కుడి పక్క వినిపించేది. మాటలు ఎనభై దాటితే చదివేవాళ్లకు ఊపిరి ఆడదు. తేదీ, వేళ, చిరునామా గొంతులోనూ రావాలి, తెర మీదా పడాలి, ఎందుకంటే సగం మంది బస్సులోనో ఆఫీసులోనో శబ్దం తీసేసి చూస్తారు. చివరి బొమ్మ కదలకుండా కాసేపు నిలబడాలి, జనం దాన్ని ఫొటో తీసి దాచుకుంటారు కనుక. ఇవన్నీ వచ్చినవాళ్లకు ఓపిగ్గా చెబుతాను. వాళ్లు తల ఊపి, ఇవన్నీ మీకు తెలుసుగా, మాకు మాత్రం కాస్త ఆప్యాయత కావాలండీ అంటారు. ఇంకో చెంచా చక్కెర వెయ్యమన్నట్టు.

ఆ రోజు వచ్చినాయన మొదటి అరగంట పాలరాయి గురించే మాట్లాడాడు. ఎక్కడినుంచి తెప్పించాడో, ఎంత తెల్లగా ఉంటుందో, చెప్పులతో ఎవరూ అడుగు పెట్టకుండా ఏం జాగ్రత్తలు తీసుకున్నాడో చెప్పుకొచ్చాడు. నేను అక్కడే ఆయనకు పాలరాయి అని పేరు పెట్టేశాను. వెంట ఆయన భార్య ఉంది. ఫోన్లోంచి తల ఎత్తితే కనురెప్పలు అరిగిపోతాయన్నట్టు కూర్చుంది. వాళ్లకు కాస్త ఎడంగా, గోడ వారగా ఉన్న కుర్చీలో ఆయన అక్క. జుట్టు బాగా నెరిసింది. చీర కుచ్చిళ్లు మాత్రం ఇస్త్రీ పెట్టె కిందనుంచి అప్పుడే వచ్చినట్టున్నాయి.

ఆవిడ నోరు విప్పి మంచినీళ్లు ఇస్తావామ్మా అనగానే నేనూ, బొమ్మలాయనా ఒకేసారి తల తిప్పాం. మా ఊళ్లో బస్సెక్కిన వాళ్లెవరికైనా ఆ గొంతు తెలుసు. మిషన్లు వచ్చేదాకా బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పిన గొంతు అదే. తొందర పడదు, విసుక్కోదు, ఒక్క అక్షరం మింగదు. పాలరాయి గర్వంగా నవ్వాడు. వాయిస్ మా అక్కే ఇస్తుంది, చుట్టాలందరికీ తెలిసిన గొంతు, మళ్లీ వేరే మనిషి ఎందుకు అన్నాడు. వేరే మనిషికయ్యే ఖర్చూ తప్పుతుందని అనలేదు కానీ మొహంలో అది చదువుకోవచ్చు.

ఏ ఆహ్వానానికైనా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే, పిలిచేది ఎవరు అని. మేమేనండీ అన్నాడాయన. వీడియోలో తలుపు తీసుకుని లోపలికి నడిచే బొమ్మలు ఎన్ని ఉండాలో తెలియాలి కదా, మేమంటే ఎంతమంది అన్నాను. నేను, మా ఆవిడ, బాబు, పాప అని వేళ్లు మడిచాడు. నాలుగు వేళ్లు మడిచి, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. అయిదో వేలు అలాగే నిలబడి ఉంది, ఆయన దాన్ని చూసుకోలేదు.

నేను గోడ వారగా ఉన్న కుర్చీ వైపు చూశాను.  బొమ్మలో ఇల్లు అచ్చం అలాగే ఉండాలని ఆయన ఫొటోలు తీసి బల్ల మీద పరిచినప్పుడు ఆవిడ లేచి వచ్చింది. వెనక గది ఫొటో ఒకటి ఎత్తి, కిటికీ పెద్దదే పెట్టించావురా, మంచం ఆ వైపు వేసుకుంటాను, పొద్దున్నే వెలుతురొస్తుంది అంది. పాలరాయి మెల్లిగా ఆ ఫొటో ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు.

"అది గెస్ట్ రూమక్కా. నువ్వు ఎప్పుడొచ్చినా అందులోనే ఉండొచ్చు."

ఎప్పుడొచ్చినా. ఎంత చల్లగా అన్నాడో. ఆవిడ ఇన్నేళ్లూ వాళ్లతోనే అద్దింట్లో ఉంటోంది. ఆ పిల్లలిద్దర్నీ చంకన మోసింది ఆవిడే. ఇల్లు కట్టిన స్థలం వాళ్ల నాన్నది, బ్యాంకు లోను ఒక్క పేరు మీదైతేనే సులువుగా వస్తుందంటే ఆవిడ తన భాగం వదులుకుంటూ సంతకం పెట్టింది. ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆయనే చెప్పాడు, మా అక్క మనసు బంగారమండీ అని, ఆ మాట కూడా వీడియోలో ఎక్కడైనా పెట్టగలరా అని. పెట్టలేనన్నాను. ఎనభై మాటల్లో అంత సిగ్గులేనితనం పట్టదు. ఈ రెండో ముక్క పైకి అనలేదు, మా ఓనరు నవ్వుతూ నా వైపే చూస్తున్నాడు.

నేను రాసింది ఇది. ఎడమ పక్క: ఖాళీ నేల, దాని మీద ఒక్కో గీతా లేచి ఇల్లవుతుంది, తలుపు తెరుచుకుంటుంది, నలుగురు లోపలికి నడుస్తారు, వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతారు. కుడి పక్క: "ఎన్నాళ్లుగానో కన్న కల ఇప్పుడు గోడలై నిలబడింది. ఈ నెల ఇరవై నాలుగు, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటలకు కొత్త ఇంట్లో అడుగు పెడుతున్నాం. నీళ్ల ట్యాంకు వెనక వీధి, చివరి ఇల్లు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం అక్కడే, అందరం కలిసి. మీరు లేకుండా ఆ గడప దాటాలని మాకు లేదు. మన ఇంటికి రండి."

గడప ముక్క ఆప్యాయత కోసం. రాసేటప్పుడే నాకు నోరు చేదైంది కానీ ఆయన ఫోన్లో చూసి సూపర్ అని జవాబు పెట్టాడు. చదివుంటే కదా.

మా దగ్గర పద్ధతి ఏమిటంటే, ముందు గొంతు, తర్వాత బొమ్మలు. గొంతు ఎంతసేపు పడుతుందో దాన్ని బట్టి బొమ్మల నడక. అందుకని రెండు రోజుల తర్వాత ముగ్గురూ మళ్లీ వచ్చారు. రికార్డింగు గది అని మేం గొప్పగా చెప్పుకునేది ఒకప్పటి సామాన్ల గది. గోడలకు స్పాంజీ అంటించాం, ఫ్యాను ఆపితేనే పని జరుగుతుంది, ఆపితే మనిషి ఉడికిపోతాడు. ఆవిడ లోపల కూర్చుని, మైకుకూ నోటికీ మధ్య జానెడు దూరం తనే సరి చూసుకుంది. బయట అద్దం ఇవతల మేం.

ఒక్క ఊపున చదివింది. తేదీ దగ్గర కాస్త నెమ్మదించింది, వేళ దగ్గర ఇంకాస్త. చివరికి మన ఇంటికి రండి అన్నప్పుడు బొమ్మలాయన చేతిలో మౌసు అలాగే ఆగిపోయింది. నాకు కూడా, నిజం చెప్పాలంటే, లేచి ఆ ఇంటికి వెళ్లిపోవాలనిపించింది. అది ఎవరి ఇల్లో తెలిసి కూడా.

పాలరాయి బల్ల మీద తట్టాడు. మన అని ఎందుకొచ్చిందన్నాడు. పిలిచేటప్పుడు అలాగే అంటారండీ, మన ఇల్లే అనుకుని రండి అని, అది ఆప్యాయత అన్నాను. ఆయన కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు. అక్షరాలతో ఎంత జాగ్రత్తగా ఉండాలో నాకు నేర్పించబోయే మొహం పెట్టాడు.

"మన అంటే వినేవాళ్లకి కూడా వాటా ఉన్నట్టు కదండీ. ఇది అందరి ఫోన్లలో ఉండిపోతుంది. రేపెవరన్నా ఇది పట్టుకుని, నువ్వే అన్నావుగా మన ఇల్లని అంటే? మా అని పెట్టండి. మా ఇంటికి రండి. క్లియర్‌గా ఉంటుంది."

మనిషి దొంగలకు భయపడతాడు, కుక్కలకు భయపడతాడు. రెండక్షరాల మాటకు భయపడి తాళం వేసుకునేవాణ్ని అప్పుడే చూశాను. పైగా ఎవరన్నా అని ఎవర్ని అన్నాడు? ఆ స్థలంలో వాటా వదిలేసిన మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరూ అద్దం అవతల చెమటలు కక్కుతూ ఆయన ఇంటికి జనాన్ని పిలుస్తున్నారు. ఆయన గొంతు తగ్గించాడు కానీ, లోపలికి మాట వెళ్లే బటన్ మీద మోచెయ్యి ఆనించి ఉన్నాడు. ఆవిడ అంతా వింది.

నేను అది చూసి బటన్ మీంచి ఆయన చెయ్యి తీసేసరికే ఆలస్యమైపోయింది. ఆవిడ తల వంచి కాగితం చూసుకుంటోంది. పెన్ను అడిగింది. లోపలికి వెళ్లి ఇచ్చాను. మన అన్న దాన్ని కొట్టేసి, పక్కన మా అని రాసుకుంది. చక్కటి గుండ్రటి అక్షరం. అలాగే చదువుతానని చెప్పమ్మా వాడికి అంది.

మళ్లీ చదివింది. ఈసారి చివర ఇంకా బాగా వచ్చింది. మా ఇంటికి రండి. పాలరాయి వెనక్కి వాలి, ఇదీ అన్నాడు. ఆయన భార్య కూడా మొదటిసారి తల ఎత్తి, బాగుంది వదినగారూ అంది.

అది వింటుంటే నాకు నవ్వు ఆగింది కాదు, దగ్గు తెచ్చుకుని బయటికి వెళ్లిపోయాను. మన అంటే వినేవాళ్లు కూడా లోపలికొస్తారని భయపడి, వాళ్లను బయటే ఆపేశాడు. సరే. కానీ మా అన్నప్పుడు అన్న మనిషి లోపలే ఉంటుంది కదా. ఊరందరికీ తెలిసిన గొంతు మా ఇంటికి రండి అంటోంది. ఇక ఆ ఇల్లు ఎవరిది? చెబుదామా అనుకున్నాను. అక్షరాల గురించి నాకు పాఠం చెప్పినవాడికి నేనెందుకు చెప్పాలి?

వీడియో బుధవారం అయింది. ఫోన్లో నిలువుగా పట్టుకుని చూసేలా చేశాం, పంపడానికి బరువు లేకుండా కుదించాం. పాలరాయి అదే సాయంత్రం దాన్ని తన ఫోన్లో ఉన్న ప్రతి నంబరుకూ కొట్టాడు. అంగీలు కుట్టేవాడికీ, ఎప్పుడో ఒకసారి నల్లా బాగు చేసినవాడికీ కూడా.

ఎవరూ ఆయనకు ఫోన్ చెయ్యలేదు. అందరూ ఆవిడకు చేశారు. ఇన్నాళ్లకు ఓ ఇంటిదానివయ్యావు అన్నారట. నీ గొంతు వినగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, నీ ఇంటికి రాకుండా ఎలా ఉంటాం అన్నారట. తమ్ముడూ వాళ్లూ నీ దగ్గరే ఉంటారా అని కూడా ఒకరు అడిగారట. ఇది శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ మళ్లీ స్టూడియోకి వచ్చినప్పుడు ఆయన భార్య చెప్పింది. ఫోన్ పర్సులో పెట్టేసి మరీ చెప్పింది. ఆవిడ మాట్లాడగలదని నాకప్పుడే తెలిసింది.

వాయిస్ మార్చాలి అన్నాడు పాలరాయి. మారుస్తాం సార్ అన్నాడు మా ఓనరు, తన నవ్వు తాను నవ్వుతూ. ఎందుకో చెప్పండి అన్నాను నేను. మీరే కదా మా అని పెట్టమన్నది, మాటలు ఒక్కటీ మారలేదు కదా, పిలుపులో తప్పేముంది? ఆయన నన్ను చూశాడు, పైకప్పు చూశాడు. జనం అపార్థం చేసుకుంటున్నారండీ అన్నాడు. ఏ అపార్థం అన్నాను. ఆవిడ ఇల్లనుకుంటున్నారని నోటితో చెప్పలేక, అక్క ఎదురుగా కూర్చుని ఉండగా, వాచీ పట్టీ సర్దుకుంటూ కూర్చున్నాడు.

చెప్పింది ఆవిడే.

"ఒరేయ్, వాళ్లు అనుకున్నదాంట్లో తప్పేముంది? నేనూ అలాగే అనుకున్నాను. ఆ వెనక గది నాకిస్తే, వాళ్లు అనుకున్నది అనుకోనీ. ఇవ్వనంటావా, ఆ గొంతు తీసెయ్. ఆ రోజు జనం వచ్చి నువ్వెక్కడుంటావే అని నన్నడిగితే, అప్పుడప్పుడు వచ్చి పోతానని నేను చెప్పలేను."

కోపంగా అనలేదు.  ఆవిడకు కావలసింది ఒక్క గది. ఆ గది ఇచ్చినందువల్ల పాలరాతికి వచ్చే నష్టమేమీ లేదు. సరే అక్కా అన్న రెండు మాటలు చాలు, ఇంటికి వెళ్లిపోవచ్చు. నాకు ఆయన మీద ఎంత ఏవగింపు ఉన్నా, ఆ క్షణంలో ఆ రెండు మాటలూ అంటాడనే అనుకున్నాను. అనాలని నిజంగా కోరుకున్నాను.

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ పర్సు జిప్పు లాగుతోంది, పెడుతోంది. తర్వాత నా వైపు తిరిగి, వేరే వాయిస్ పెట్టండి అన్నాడు.

అక్కగారు లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, తేదీ చెప్పేటప్పుడు నెమ్మదిగా చెప్పించమ్మా, జనానికి అందాలి అని నాకు చెప్పి దిగి వెళ్లిపోయింది.

వేరే వాయిస్ ఎవరూ ఆ రోజుకు దొరకలేదు. దొరికారు కానీ నేను దొరకలేదని చెప్పాను. చివరికి ఆయనే చదివాడు. ఎన్నాళ్లుగానో కన్న కల అన్నది ఇంటి పన్ను కట్టలేదని వచ్చిన నోటీసులా చదివాడు. ఆప్యాయత కోసం ఒకసారి నవ్వుతూ చదవమంటే, పళ్ల డాక్టరు నోరు తెరవమన్నట్టు నోరు తెరిచాడు. మీరు లేకుండా ఆ గడప దాటాలని మాకు లేదు అన్న దగ్గర మూడుసార్లు తడబడ్డాడు. నేను మూడుసార్లూ మళ్లీ చదివించాను. నాలుగోసారి బాగానే వచ్చింది, అయినా ఇంకోసారి చదవమన్నాను.

సవరించిన ఆహ్వానం అని పైన అచ్చేసి రెండో వీడియో పంపాడు. తేదీ మారిందేమో అని జనం ఆదుర్దాగా తెరిచి చూస్తే తేదీ అదే, వేళ అదే, వీధి అదే. మారింది గొంతొక్కటే. ఏం సవరించాడో చెప్పనవసరం లేకుండా ఊరందరికీ అర్థమైపోయింది. దండోరా వేయించుకున్నా ఇంత బాగా తెలిసేది కాదు.

తర్వాతి మంగళవారం ఆవిడ ఒక్కతే మేడెక్కి వచ్చింది. మంచినీళ్లు తాగి, ఫోన్ తీసి నాకు చూపించింది. తమ్ముడి సవరించిన ఆహ్వానం. పక్క గదిలో కూర్చుని అందరికీ ఒకేసారి నొక్కినప్పుడు అక్క నంబరుకు కూడా వచ్చేసింది. పొరపాటున పంపాడో, తెలిసి పంపాడో నాకు తెలియదు. రెండిట్లో ఏది నయమో కూడా తెలియదు.

"నాకూ ఒకటి చెయ్యమ్మా. చిన్నది. కలలూ గోడలూ వద్దు," అంది.

బస్టాండు ఎదురు సందులో, మందుల షాపు మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుందట. ఏ రోజు అని అడిగాను. ఇరవై నాలుగు, ఆదివారం, ఉదయం తొమ్మిది అంది. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆవిడలో ఇంత పగ ఉందా అని లోపల సంబరపడ్డానని ఒప్పుకోవాలి. ఆవిడ నా మొహం చూసి కాస్త విసుక్కుంది. పోటీకి కాదమ్మా అంది. ఇప్పుడున్న అద్దిల్లు ఆ పొద్దున్నే కదా ఖాళీ చేసి తాళాలిచ్చేది, అందరూ అక్కడికి వెళ్లిపోతే నేనెక్కడికి వెళ్లాలి, అదే వేళకు నేనూ ఎక్కడో ఒకచోట అడుగు పెట్టాలి కదా అంది.

నా సంబరం ఎక్కడికక్కడ చచ్చిపోయింది. నేల మీది రాయి దగ్గర్నుంచి ఆహ్వానంలో మాట దాకా అంత లెక్కగా చూసుకున్నాడు, ఆ పొద్దున్న తొమ్మిది గంటలకు అక్క ఎక్కడ నిలబడుతుందో ఆ మనిషికి తట్టనే లేదు. నాకు మాత్రం తట్టిందా?

రాశాను. తలుపు తెరుచుకుంటుంది, ఒక మనిషి లోపలికి నడుస్తుంది. బొమ్మలాయన దగ్గర నెరిసిన జుట్టు ఆడమనిషి బొమ్మ ఒక్కటే ఉంది, అది కుర్చీలో కూర్చుని ఊగుతూ ఉంటుంది, లేవదు. వయసైనవాళ్లు లేచి ఇంట్లోకి నడుస్తారని ఆ బొమ్మలు అమ్మే మహానుభావులకు తోచలేదు. దాన్ని లేపి నడిపించడానికి ఆయనకు ఒక పూట పట్టింది. కుడి పక్క తేదీ, వేళ, చిరునామా రాసి, ఒక్క మనిషే కదా అని చివర నా ఇంటికి రండి అని పెట్టాను. మా ఓనరు ఇది కూడా మామూలు రేటే కదా అని తొంగి చూశాడు. నేను చూసిన చూపుకు నవ్వడం మరిచి లోపలికి పోయాడు.

ఆవిడ మైకు ముందు కూర్చుని చివరిదాకా వచ్చి ఆగింది. పెన్ను అడిగింది.

"నా ఇల్లని ఎవరంటారమ్మా? మా ఇల్లనే అంటారు."

మీరొక్కరే కదండీ అన్నాను. ఒక్కదాన్నయితే మాత్రం, అలా అనకూడదా అంది. ఎవరైనా అలాగే అంటారు. ఒంటరిగా ఉండే నేను కూడా రోజూ అలాగే అంటాను, ఎప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ కొట్టేసి రాసుకుంది, ఫ్యాను ఆపమంది, చదివింది.

పంపే వేళకు ఆవిడ ఫోన్ నా చేతికిచ్చింది. ఈ నొక్కుళ్లు తనకు చేతకావంది. ముందు ఎవరికి పంపమంటారు అని అడిగాను.

"మా తమ్ముడికి," అంది. "ఇంట్లోవాళ్లయితే పిలవక్కర్లేదు. వాణ్నిప్పుడు పిలవాలి కదా."